బఫర్ ద్రావణం తయారీ: సంయుగ్మ జంట, నిష్పత్తి ఎంపిక

ఒక బలహీన ఆమ్లం, ఆ ఆమ్లం ప్రోటాన్‌ను కోల్పోగా ఏర్పడే సంయుగ్మ క్షారం తగిన పాళ్లలో కలిసి ఉన్న ద్రావణాన్ని బఫర్ ద్రావణం అంటారు. కొద్దిపాటి ఆమ్లాన్ని గానీ క్షారాన్ని గానీ చేర్చినప్పుడు దీని pH అంతగా మారదు. ఈ ఆమ్ల క్షారాలను కలిపి సంయుగ్మ జంట (కాంజుగేట్ జంట) అని పిలుస్తారు. నిర్దేశిత pH గల బఫర్‌ను తయారు చేయడానికి మూడు విషయాలను వరుసగా నిర్ణయించాలి. మొదటిది జంట, రెండవది ఆ జంటలోని క్షార ఆమ్లాల నిష్పత్తి, మూడవది వాటి మొత్తం గాఢత. మొదటి రెండూ ద్రావణం pH ను నిర్ణయిస్తాయి. ఆ pH ఎంతవరకు నిలుస్తుందో ప్రధానంగా నిర్ణయించేది మూడవది.

ఈ వ్యాసంలో రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతాల భూగర్భ జలాలలో ఫ్లోరైడ్‌ను కొలిచేందుకు వాడే ఎసిటేట్ బఫర్‌ను ఉదాహరణగా తీసుకొని ఈ మూడు నిర్ణయాలను వివరించడమైనది.

నేపథ్యం

కర్నూలు ప్రాంతపు పశ్చిమ భాగమైన ఆదోని, పత్తికొండ వైపు భూమి ప్రధానంగా గ్రానైట్, నైస్ శిలలతో కూడినది. తూర్పున, దక్షిణాన కడప వరకు సున్నపురాయి, షేల్, క్వార్ట్‌జైట్ పొరలు విస్తరించి ఉన్నాయి. ఇళ్లలో పరిచే నాపరాళ్లు ఈ సున్నపురాతి పొరల నుండి వచ్చేవే. వర్షపాతం తక్కువైన ఈ నేలలో బోరుబావి నీరు రాళ్లతో చాలాకాలం కలిసి ఉంటుంది. గ్రానైట్‌లోని బయోటైట్, ఎపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాల నుండి ఫ్లోరైడ్ నీటిలోకి చేరుతుంది. నీటిలో బైకార్బనేట్ ఎక్కువగా ఉండి, కాల్షియం తక్కువగా ఉన్నచోట ఫ్లోరైడ్ మరింతగా కరుగుతుంది. అందువల్ల ఫ్లోరైడ్ అధికంగా ఉన్న నీరు తరచుగా క్షార స్వభావం గల నీరు కూడా అయి ఉంటుంది. ఈ సంగతి బఫర్ ఎంపికలో ముఖ్యమైనది.

భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో మొదటగా గుర్తించారు. తాగునీటికి భారతీయ ప్రమాణం IS 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. కనుక ఒక బోరుబావి నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రామా, 2 మిల్లీగ్రాములా అన్నది ఆ ఊరివారు ఆ నీటిని తాగవచ్చునా లేదా అన్న ప్రశ్నతో సమానం.

లక్ష్య pH నిర్ణయం

బఫర్ తయారీలో మొదట అడగవలసిన ప్రశ్న "ఏ pH కావాలి, ఎందుకు కావాలి" అన్నది. ఫ్లోరైడ్ కొలతలో దీనికి సమాధానం ఎలక్ట్రోడ్ స్వభావంలో ఉంది. లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికంతో చేసిన ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ను ఫ్రాంట్, రాస్ అనే శాస్త్రజ్ఞులు 1966లో ప్రకటించారు. ఈ ఎలక్ట్రోడ్ స్వేచ్ఛగా ఉన్న ఫ్లోరైడ్ అయాన్లకు మాత్రమే స్పందిస్తుంది. నీటిలో ఉన్నప్పటికీ ఇతర అయాన్లతో బంధితమై ఉన్న ఫ్లోరైడ్ దానికి కనిపించదు.

ద్రావణం ఆమ్లంగా మారితే ఫ్లోరైడ్ అయాన్ ప్రోటాన్‌తో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్ (HF) అవుతుంది. HF యొక్క pKa విలువ 3.17. అంటే pH 3.17 వద్ద ఫ్లోరైడ్‌లో సగం HF రూపంలో ఉంటుంది. pH 4 వద్ద సుమారు 13 శాతం, pH 5.2 వద్ద 1 శాతం కంటే తక్కువ ఈ రూపంలో ఉంటుంది. ద్రావణం మరీ క్షారంగా ఉంటే దీనికి విరుద్ధమైన దోషం కలుగుతుంది. హైడ్రాక్సైడ్ అయాన్ పరిమాణంలోను, ఆవేశంలోను ఫ్లోరైడ్‌ను పోలి ఉంటుంది కాబట్టి ఎలక్ట్రోడ్ దానికి కూడా స్పందించి, లేని ఫ్లోరైడ్‌ను ఉన్నట్లు చూపుతుంది. ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న నీటిలో pH 8 దాటిన తర్వాత ఈ ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోవలసి వస్తుంది.

ఈ రెండు హద్దులకు నడుమ pH 5.0 నుండి 5.5 వరకు ఉన్న భాగాన్ని కొలతకు ఎంచుకున్నారు. ఈ వ్యాసంలోని లెక్కలకు లక్ష్య pH ను 5.2గా తీసుకొనడమైనది.

సంయుగ్మ జంట ఎంపిక

జంట ఎంపికకు ఆధారం ఆ ఆమ్లం యొక్క pKa విలువ. pH విలువ pKa కు సమానమైనప్పుడు ద్రావణంలో ఆమ్లం, క్షారం సమానంగా ఉంటాయి. అప్పుడు బయటి నుండి వచ్చే ఆమ్లాన్ని ఎదుర్కొనడానికి ఎంత క్షారం ఉందో, క్షారాన్ని ఎదుర్కొనడానికి అంతే ఆమ్లం ఉంటుంది. pH విలువ pKa నుండి ఒక ప్రమాణం దూరం జరిగితే నిష్పత్తి 10 : 1 అవుతుంది. అంటే జంటలో ఒక భాగస్వామి మొత్తంలో 9 శాతం మాత్రమే మిగులుతుంది. అందుచేత pKa విలువకు అటూ ఇటూ ఒక pH ప్రమాణం వరకే ఆ జంట బఫర్‌గా ఉపయోగపడుతుందని పరిగణిస్తారు.

ప్రయోగశాలలో సులభంగా దొరికే మూడు జంటలను pH 5.2 కోసం పోల్చి చూస్తే ఈ విధంగా ఉంటుంది.

| జంట | pKa (25 °C) | pH 5.2 వద్ద క్షారం : ఆమ్లం |
|---|---|---|
| ఫార్మిక్ ఆమ్లం – ఫార్మేట్ | 3.75 | 28 : 1 |
| ఎసిటిక్ ఆమ్లం – ఎసిటేట్ | 4.76 | 2.75 : 1 |
| డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ – హైడ్రోజన్ ఫాస్ఫేట్ | 7.20 | 1 : 100 |

ఫార్మేట్ జంటలో pH 5.2 వద్ద ఆమ్ల భాగం దాదాపు హరించుకుపోయి ఉంటుంది. బైకార్బనేట్ నిండిన రాయలసీమ నీటిని కలిపినప్పుడు ఎదుర్కొనవలసింది సరిగ్గా ఆ ఆమ్ల భాగమే. ఫాస్ఫేట్ జంటలో లోపం దీనికి వ్యతిరేక దిశలో ఉంది. అందులో క్షార భాగం నూటికి ఒక వంతు మాత్రమే ఉంటుంది. ఎసిటేట్ జంటలో రెండు భాగాలూ చెప్పుకోదగిన మోతాదులో ఉంటాయి. పైగా అది ఫ్లోరైడ్‌తో బంధం ఏర్పరచదు, కాల్షియంతో అవక్షేపాన్ని ఇవ్వదు, చవకగా దొరుకుతుంది. సిట్రేట్ కూడా ఈ pH కు అనువైనదే. అయితే సిట్రిక్ ఆమ్లం మూడు ప్రోటాన్లను మూడు దశలలో విడుస్తుంది కాబట్టి దాని నిష్పత్తిని ఒకే సమీకరణంతో లెక్కించడం సాధ్యపడదు.

లక్ష్యం మారితే జంట కూడా మారుతుంది. అదే నీటి కాఠిన్యాన్ని ఈడీటీఏ అంశమాపనంతో కొలవడానికి pH 10 అవసరం. అక్కడ ఎసిటేట్ పనికిరాదు. pKa 9.25 గల అమ్మోనియం – అమ్మోనియా జంటను వాడతారు.

నిష్పత్తి లెక్క

జంటను ఎంచుకున్న తర్వాత నిష్పత్తిని హెండర్సన్ – హాసెల్‌బాల్క్ సమీకరణం ద్వారా కనుగొంటారు. లారెన్స్ హెండర్సన్ 1908లో ఇచ్చిన సంబంధాన్ని హాసెల్‌బాల్క్ 1916లో సంవర్గమాన రూపంలోకి మార్చాడు.

pH = pKa + log ([A⁻] / [HA])

ఇందులో A⁻ క్షారాన్ని, HA ఆమ్లాన్ని సూచిస్తాయి. ఎసిటేట్ బఫర్‌కు

5.2 = 4.76 + log ([A⁻] / [HA])

అనగా నిష్పత్తి యొక్క సంవర్గమానం 0.44. నిష్పత్తి 10 యొక్క 0.44వ ఘాతం, అంటే 2.75. ఒక లీటరులో ఎసిటేట్, ఎసిటిక్ ఆమ్లం రెండూ కలిపి 1 మోల్ ఉండాలనుకుంటే, ఆ మోల్‌ను 3.75 భాగాలుగా విభజించి ఒక భాగాన్ని ఆమ్లానికి, మిగిలిన 2.75 భాగాలను క్షారానికి ఇవ్వాలి. ఆ ప్రకారం ఆమ్లం 0.267 మోల్, క్షారం 0.733 మోల్ అవుతాయి.

తయారీ విధానాలు

ఈ మోతాదులను రెండు విధాలుగా పొందవచ్చు. మొదటి విధానంలో ఆమ్లాన్ని, దాని లవణాన్ని విడివిడిగా తీసుకొని కలుపుతారు. 0.267 మోల్ ఆమ్లానికి 15.3 మి.లీ. గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం, 0.733 మోల్ క్షారానికి 99.8 గ్రాముల సోడియం ఎసిటేట్ ట్రైహైడ్రేట్ అవసరమవుతాయి. వీటిని స్వేదనజలంలో కరిగించి ఒక లీటరుకు నింపుతారు. సోడియం ఎసిటేట్ నిర్జల రూపంలో కూడా దొరుకుతుంది. అది అయితే 60.1 గ్రాములు చాలు. సీసాపై పేరును చూడకుండా నిర్జల లవణాన్నే 99.8 గ్రాములు తూచితే క్షారం 1.22 మోల్ అయి, pH 5.4 దాటుతుంది.

రెండవ విధానంలో మొత్తం ఆమ్లాన్ని ముందుగా తీసుకొని, సోడియం హైడ్రాక్సైడ్‌తో అందులో కొంత భాగాన్ని తటస్థీకరిస్తారు. తటస్థీకరణ చెందిన ప్రతి మోల్ ఆమ్లం ఒక మోల్ ఎసిటేట్ అవుతుంది. ఫ్లోరైడ్ కొలతకు వాడే మిశ్రమాన్ని ఈ విధంగానే తయారు చేస్తారు. ప్రయోగశాలలలో దీనిని టిసాబ్ అని వ్యవహరిస్తారు. దీని తయారీ క్రమం ఇది.

1. ఒక లీటరు బీకరులో సుమారు 500 మి.లీ. స్వేదనజలం తీసుకొని, 57 మి.లీ. గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం కలపాలి. ఇది 1 మోల్‌కు సమానం.
2. అందులో 58 గ్రాముల సోడియం క్లోరైడ్, 4 గ్రాముల సీడీటీఏ వేసి కలియబెట్టాలి.
3. బీకరును చన్నీటి తొట్టెలో ఉంచి, లీటరుకు 6 మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని నెమ్మదిగా కలపాలి. ఈ చర్యలో చాలా వేడి పుడుతుంది.
4. ద్రావణం గది ఉష్ణోగ్రతకు చల్లారిన తర్వాత pH మీటరుతో చూస్తూ 5.2 కు చేర్చి, చివరికి ఒక లీటరుకు నింపాలి.

ఇందులో సోడియం క్లోరైడ్ అన్ని నమూనాల అయానిక తీవ్రతను ఒకే స్థాయికి తెస్తుంది. సీడీటీఏ అల్యూమినియం, ఇనుములను తనతో బంధించి, వాటి పట్టు నుండి ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. పటికతో ఫ్లోరైడ్‌ను తొలగించే నల్గొండ విధానంలో శుద్ధి చేసిన నీటిలో అల్యూమినియం మిగిలి ఉండవచ్చు కాబట్టి అటువంటి నీటి పరీక్షకు ఇది తప్పనిసరి.

పై నిష్పత్తి ప్రకారం 0.733 మోల్ ఎసిటేట్‌కు కావలసిన సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 122 మి.లీ. సీడీటీఏ కూడా ఆమ్లమే కాబట్టి అది మరో 4 మి.లీ. దాకా తీసుకుంటుంది. ఈ విధంగా లెక్కించిన 126 మి.లీ., తయారీ సూచనలలో సాధారణంగా కనిపించే "సుమారు 125 మి.లీ." అన్న సంఖ్యతో సరిపోతుంది.

గాఢత, బఫర్ సామర్థ్యం

సమీకరణంలో నిష్పత్తి మాత్రమే ఉంది, గాఢత లేదు. కాబట్టి అదే నిష్పత్తిలో లీటరుకు 1 మోల్ బఫర్‌ను, 0.1 మోల్ బఫర్‌ను తయారు చేస్తే రెండు సీసాలలోనూ pH మీటరు దాదాపు 5.2 నే చూపుతుంది. వాటి మధ్యనున్న తేడా నీటి నమూనాను కలిపిన తర్వాతనే బయటపడుతుంది. ఈ తేడాకు బఫర్ సామర్థ్యం అని పేరు.

కొలతలో 25 మి.లీ. నీటికి 25 మి.లీ. బఫర్ కలుపుతారు. ఒక బోరుబావి నీటిలో లీటరుకు 8 మిల్లీమోల్‌ల బైకార్బనేట్ ఉందనుకుందాం. నీటి పరీక్షా పత్రాలలో దీనిని కాల్షియం కార్బనేట్‌గా లీటరుకు 400 మిల్లీగ్రాముల క్షారతగా వ్రాస్తారు. అప్పుడు 25 మి.లీ. నీటిలో ఉన్నది 0.2 మిల్లీమోల్ బైకార్బనేట్. ఇది బఫర్‌లోని ఆమ్లాన్ని ఇంచుమించు అంతే మేరకు ఎసిటేట్‌గా మారుస్తుంది.

లీటరుకు 1 మోల్ గల బఫర్ 25 మి.లీ. లో ఆమ్లం 6.67, క్షారం 18.33 మిల్లీమోల్‌లు ఉంటాయి. మార్పు తర్వాత ఆమ్లం 6.47, క్షారం 18.53 అవుతాయి. pH 5.22. పలుచని 0.1 మోల్ బఫర్‌లో ఆమ్లం 0.67, క్షారం 1.83 మాత్రమే ఉంటాయి. మార్పు తర్వాత అవి 0.47, 2.03 అయి, pH 5.40 కు చేరుతుంది. ఇది కూడా 5.5 లోపలే ఉంది. అందువల్ల మామూలు నీటి నమూనాలతో పలుచని బఫర్ లోపం బయటపడదు. అది చాలినట్లే కనిపిస్తుంది.

లోపం బయటపడేది ఆమ్లం కలిపి నిల్వచేసిన నమూనాలతో. ఇనుము, మాంగనీస్ వంటి లోహాల పరీక్ష కోసం సేకరించిన నీటికి లీటరుకు 5 మి.లీ. వరకు గాఢ నత్రికామ్లం కలిపి ఉంచడం వాడుక. దూరపు గ్రామం నుండి ఒకే సీసా వచ్చినప్పుడు, అందులోని నీటినే ఫ్లోరైడ్ పరీక్షకు కూడా వాడే అవకాశం ఉంది. ఆ నీటిలో లీటరుకు సుమారు 80 మిల్లీమోల్‌ల ఆమ్లం ఉంటుంది. 25 మి.లీ. లో ఇది 2.0 మిల్లీమోల్‌లు. బైకార్బనేట్ హరించిన 0.2 పోగా 1.8 మిల్లీమోల్‌ల ఆమ్లం బఫర్‌పై పడుతుంది.

1 మోల్ బఫర్‌లో క్షారం 18.33 నుండి 16.53 కు తగ్గి, ఆమ్లం 6.67 నుండి 8.47 కు పెరుగుతుంది. నిష్పత్తి 1.95. pH 5.05 వద్ద నిలుస్తుంది. కొలత చెడదు. 0.1 మోల్ బఫర్‌లో మొత్తం క్షారమే 1.83 మిల్లీమోల్‌లు. అందులో 1.80 ఖర్చయిపోయి 0.03 మిగులుతుంది. ఈ స్థితిలో అది ఇక బఫర్ కాదు, పలుచని ఎసిటిక్ ఆమ్ల ద్రావణం మాత్రమే. దాని pH సుమారు 3.2. ఇది HF యొక్క pKa కు అతి సమీపమైన విలువ కాబట్టి ఫ్లోరైడ్‌లో దాదాపు సగం HF గా మారి ఎలక్ట్రోడ్‌కు కనిపించకుండా పోతుంది. లీటరుకు 2.0 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీరు సుమారు 1.0 మిల్లీగ్రాము ఉన్నట్లు చూపబడుతుంది. తాగకూడని నీరు తాగదగినదిగా నమోదవుతుంది.

సమీకరణానికీ మీటరుకూ మధ్య తేడా

హెండర్సన్ – హాసెల్‌బాల్క్ సమీకరణంలో గాఢతలను వాడినప్పుడు వచ్చేది ఉజ్జాయింపు విలువ. గాఢమైన లవణ ద్రావణంలో అయాన్లు ఒకదానినొకటి ప్రభావితం చేయడం వల్ల ఆచరణలో కనిపించే pKa విలువ కొంత తగ్గుతుంది. లీటరుకు 0.1 మోల్ చొప్పున ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ కలిపిన ద్రావణానికి సమీకరణం 4.76 అని చెబుతుంది. మీటరు 4.65 చూపుతుంది. ఇందులో తయారీదారుని తప్పు లేదు. కనుక లెక్క ద్వారా వచ్చిన మోతాదుకు కొంచెం ముందే ఆగి, చివరి సవరణను మీటరు ఆధారంగా చేయాలి. మీటరును ముందుగా pH 4, pH 7 ప్రమాణ ద్రావణాలతో సరిచూడాలి.

ఉష్ణోగ్రత ప్రభావం కూడా జంటను బట్టి మారుతుంది. కర్నూలులో వేసవి ఉష్ణోగ్రత 40 °C దాటుతుంది. ఎసిటిక్ ఆమ్లపు pKa 25 °C కు, 40 °C కు మధ్య నూరవ వంతు మేరకే మారుతుంది. జీవరసాయన శాస్త్రంలో విరివిగా వాడే ట్రిస్ అనే క్షారం విషయంలో ఒక్కొక్క డిగ్రీకి pKa సుమారు 0.03 తగ్గుతుంది. 15 డిగ్రీల తేడాకు ఇది 0.4 దాటుతుంది. ఎసిటేట్ బఫర్ వేడికి నిలిచినప్పటికీ, ఎలక్ట్రోడ్ స్పందన ఉష్ణోగ్రతతో మారుతుంది. అందువల్ల ప్రమాణ ద్రావణాలు, నమూనాలు ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉండాలి. ఎలక్ట్రోడ్ పఠనంలో ఒక మిల్లీవోల్టు తేడా వస్తే ఫలితంలో సుమారు 4 శాతం తేడా వస్తుంది.

దోషాలను గుర్తించడం

బఫర్ సీసాలోని pH ను మాత్రమే చూసి తృప్తిపడడం ఈ పరీక్షలో ప్రధానమైన దోషం. చూడవలసింది నీరు, బఫర్ కలిసిన మిశ్రమపు pH. కొలత పూర్తయిన తర్వాత ప్రతి వరుసలోను కనీసం మిక్కిలి క్షారమైన నమూనా, ఆమ్లం కలిపి వచ్చిన నమూనాల మిశ్రమాలను pH మీటరుతో పరీక్షించాలి. అవి 5.0 – 5.5 మధ్య లేకపోతే ఆ ఫలితాన్ని స్వీకరించరాదు.

రెండవ పరీక్ష తెలిసిన మోతాదును చేర్చి చూడడం. నమూనాలోని మరొక భాగానికి లీటరుకు 1.0 మిల్లీగ్రాము చొప్పున ఫ్లోరైడ్‌ను చేర్చి తిరిగి కొలవాలి. పఠనం దాదాపు 1.0 పెరిగితే బఫర్ సక్రమంగా పనిచేస్తున్నట్లు. పెరుగుదల 0.5 దగ్గరే ఆగిపోతే, చేర్చిన ఫ్లోరైడ్‌లో సగం మరుగున పడిందని అర్థం. అప్పుడు మిశ్రమపు pH ను చూడాలి. pH తగ్గి ఉంటే బఫర్ సామర్థ్యం చాలలేదు. pH సరిగానే ఉంటే అల్యూమినియం వంటి లోహం ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచిందని అనుమానించవచ్చు.

ప్రమాణ ద్రావణాలను స్వేదనజలంతో తయారు చేస్తారు. వాటిలో బైకార్బనేట్ గానీ, నత్రికామ్లం గానీ ఉండవు. అందుచేత బఫర్ ఎంత పలుచనైనదైనా ప్రమాణ ద్రావణాలలో pH 5.2 గానే ఉండి, క్రమాంకన రేఖ చక్కగా వస్తుంది. రేఖ సరిగా వచ్చినంత మాత్రాన నమూనాలలో కూడా బఫర్ నిలిచిందని భావించరాదు.

ఫ్లోరైడ్ పరీక్షకు ఆమ్లం కలపని నీటిని వేరుగా పాలిథీన్ సీసాలో సేకరించడం ఉత్తమం. ఆమ్లం కలిపిన సీసా ఒక్కటే ఉన్నప్పుడు, ఆ నీటిని ముందుగా పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌తో pH 5 ప్రాంతానికి తెచ్చి, అందువల్ల పెరిగిన ఘనపరిమాణాన్ని లెక్కలో చూపి, ఆ తర్వాతనే బఫర్‌ను కలపాలి.